ఒక్క పేజీలో, ఒక్కటీ వదలకుండా



మనకు పని చెప్పేవాళ్ళు చాలాసార్లు ఒకే మాటలో రెండు పనులు చెప్తారు. ఆ రెండూ ఒకదానికొకటి అడ్డం పడతాయి. "నోట్స్ చిన్నగా ఉండాలి తమ్ముడూ, కానీ సిలబస్‌లో ఒక్కటి కూడా మిస్ అవ్వకూడదు." "అర్జీ ఒక్క పేజీ దాటొద్దు, తండా సమస్యలన్నీ రావాలి." "సర్వే రేపటికల్లా కావాలి, ప్రతి ఇంట్లో అందరితో మాట్లాడాలి."

ఇలాంటప్పుడు మనం ఏం చేస్తాం? "సరే అన్నా" అని తలూపుతాం. తర్వాత ఆ రెండిట్లో ఏదో ఒకటి మనమే మనసులో ఎంచుకుంటాం. చిన్నగా రాస్తే "ఇవేవీ రాయలేదేంట్రా" అంటారు. అన్నీ రాస్తే "ఇంత ఎవరు చదువుతారు" అంటారు. ఎటు పోయినా తిట్లు మనకే. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన మనలాంటి వాళ్ళకి ఇది ఇంకా ఎక్కువ. అడిగితే "వీడికి తెలీదు" అనుకుంటారేమో అని నోరు మూసుకుంటాం.

నా అభిప్రాయం ఇది. చెప్పిన పనిలో రెండు మాటలు కుదరకపోతే ఆ సంగతి మొదట్లోనే చెప్పడం కూడా పనిలో భాగమే. అది ఎదురు మాట్లాడటం కాదు. కాకపోతే చెప్పే పద్ధతి ఒకటుంది. ముందు ఆ రెండు మాటలూ నిజంగా కుదరవా, పైకి అలా కనిపిస్తున్నాయా అనేది చూసుకోవాలి.

అందరికీ తెలిసిన ఉదాహరణతో మొదలుపెడతా. మన పరీక్ష పేపర్లలో "క్లుప్తంగా వివరించండి" అని ఉంటుంది. క్లుప్తంగా అంటే కుదించి. వివరించడం అంటే విప్పి చెప్పడం. మూట కడుతూ విప్పమన్నట్టు ఉంటుంది. పరీక్ష హాల్లో ఎవరినీ అడగలేం, కానీ జవాబు పేపర్లోనే ఉంటుంది, మార్కుల రూపంలో. మూడు గంటలు, 75 మార్కుల పేపర్ అయితే మార్కుకి రెండున్నర నిమిషాల కన్నా కొంచెం తక్కువ వస్తుంది. 5 మార్కుల ప్రశ్నకి 12 నిమిషాలు. ఆ టైంలో మన చేత్తో ఒక పేజీ, మహా అయితే పేజీన్నర రాయగలం. అంటే "క్లుప్తంగా" అన్నది ఆ పేజీన్నర. "వివరించండి" అన్నది, ఆ పేజీన్నరలో పాయింట్లు ఊరికే వరసగా పెట్టి వదిలేయకుండా ఒక్కోదానికి కారణం రాయమని. ఒక మాట పొడవు గురించి, ఇంకోటి పద్ధతి గురించి. చూస్తే ఎదురెదురుగా ఉన్నాయి, నిజానికి వేరు వేరు విషయాలు. ఇలాంటి చోట ఎవరినీ అడగక్కర్లేదు, మనమే విడదీసుకోవచ్చు.

కానీ అన్నీ ఇంత తేలిగ్గా విడిపోవు. రామాయణాన్ని మూడు మాటల్లో చెప్పమంటే "కట్టె, కొట్టె, తెచ్చె" అన్నారని పెద్దవాళ్ళు చెప్తారు కదా. వారధి కట్టాడు, రావణుణ్ణి కొట్టాడు, సీతను తెచ్చాడు. కథ మొత్తం వచ్చేసినట్టే ఉంటుంది. కానీ ఎవరికి? రామాయణం ముందే తెలిసినవాడికి. అసలు కథ తెలియనివాడికి ఆ మూడు మాటలు చెప్పండి, ఏం కట్టాడు, ఎవరిని కొట్టాడు, ఏం తెచ్చాడు అని అడుగుతాడు. అంటే చిన్నగానూ ఉండాలి, అన్నీ ఉండాలి అనే కోరిక తీరేది చదివేవాడికి మిగతాది ముందే తెలిసినప్పుడు. తెలియనప్పుడు తీరదు. అందుకే ఇలాంటి పని వచ్చినప్పుడు మనం మొదట అడగాల్సింది "ఎన్ని పేజీలు" అని కాదు, "ఇది ఎవరు చదువుతారు" అని.

ఇప్పుడు మన దగ్గర జరిగే పనిని తీసుకుందాం. సోమవారం నరసరావుపేట కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. వినుకొండ, బొల్లాపల్లి వైపు తండాల నుంచి కూడా అర్జీలు పట్టుకుని వెళ్తుంటారు. అర్జీ రాసేది ఎవరు? తండాలో కాలేజీకి పోయే పిల్లోడో పిల్లో. డెబ్బై ఇళ్ళున్న ఒక తండా అనుకుందాం. పెద్దాయన పిలిచి "అన్నీ రాయరా, ఒక్కటి కూడా వదలొద్దు" అంటాడు. పక్కనే ఉన్న సంఘం అన్న "ఒక్క పేజీ దాటొద్దు, దాటితే ఆఫీసర్ చదవడు" అంటాడు. ఇద్దరూ కలిసి చెప్పేసరికి అది ఒకే పని అయిపోతుంది. ఒక్క పేజీలో, ఒక్కటీ వదలకుండా.

కాగితం తీసి లెక్క వేద్దాం. సమస్యలు తొమ్మిది అనుకోండి. బోరు మోటారు, రోడ్డు, బస్సు, వీధి లైట్లు, రేషన్, అంగన్‌వాడీ గది, కుల ధ్రువీకరణ పత్రాలు, పింఛన్లు, భూమి పట్టాలు. చేత్తో రాస్తే ఒక పేజీకి 25 లైన్ల దాకా వస్తాయి. ఎవరికి, ఎవరి నుంచి, విషయం, తేదీ, సంతకాలు, వీటికే పది లైన్లు పోతాయి. మిగిలింది పదిహేను. ఇప్పుడు ఒక్కో సమస్యకి కనీసం ఏం రాయాలి? ఏమిటి, ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎన్ని ఇళ్ళకి, ఇంతకుముందు ఎవరికి చెప్పాం, ఇప్పుడు ఏం కావాలి. ఎంత కుదించినా నాలుగు లైన్లు. తొమ్మిది నాలుగులు ముప్పై ఆరు. ఉన్నవి పదిహేను, కావాల్సినవి ముప్పై ఆరు. ఇక్కడ రాసేవాడి తెలివి తక్కువై కాదు, కాగితమే చాలక.

ఈ లెక్క చూడకుండా రాస్తే ఏమవుతుందో చెప్తాను. ఒక్కో సమస్యకి ఒకటిన్నర లైను దక్కుతుంది. అప్పుడు "నీటి సమస్య ఉంది, రోడ్డు సమస్య ఉంది, పింఛన్లు రావడం లేదు" అని వస్తుంది. ఇది మన కట్టె, కొట్టె, తెచ్చె. తండాలో ఉన్నవాళ్ళకి పూర్తిగా అర్థమవుతుంది, ఎందుకంటే వాళ్ళకి ముందే తెలుసు. నరసరావుపేటలో కూర్చున్నాయనకి ఏం తెలుస్తుంది? ఏ బోరు, ఎన్నాళ్ళ నుంచి, ఎవరికి పింఛను రాలేదు? మనం రాసింది చదివి మనమే "అన్నీ వచ్చాయి" అనుకుంటాం. అర్జీలో లోపం పట్టుకోవడానికి ఒక గుర్తు ఉంది. తండా పేరు తీసేసి ఇంకో తండా పేరు పెట్టినా ఆ అర్జీ అలాగే సరిపోతుంటే, అందులో మన సంగతి ఏదీ రాలేదన్నమాట.

ఇక్కడ ఆగి, ఇద్దరూ అలా ఎందుకు చెప్పారో చూడాలి. పెద్దాయన "అన్నీ రాయి" అన్నది ఎందుకు? రాయనిది పోతుందని ఆయన భయం. కాగితం మీద లేనిది మేము అడగలేదని రేపు ఎవరైనా అంటారని. అది నిజమైన భయమే. అన్న "ఒక్క పేజీ" అన్నది ఎందుకు? పెద్ద అర్జీని ఆఫీసర్ తిరగేసి పక్కన పెడతాడని. అది కూడా నిజమైన భయమే. ఒకాయన పోగొట్టుకోవడం గురించి మాట్లాడుతున్నాడు, ఇంకొకాయన చదివించడం గురించి. ఇద్దరి మాటా నిలబెట్టాలంటే రెండూ ఒకే కాగితం మీద కుక్కకూడదు.

ఈ చిక్కు మనకొక్కరికే కాదు, చట్టాలు రాసినవాళ్ళకీ వచ్చింది. వాళ్ళు ఎలా విప్పారో చూస్తే మనకి దారి దొరుకుతుంది. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 6, రూల్ 2 అని ఒకటి ఉంది. కోర్టులో వేసే దావా కాగితంలో కేసుకి ముఖ్యమైన సంగతులన్నీ ఉండాలి, కుదించి ఉండాలి, కానీ వాటిని రుజువు చేసే సాక్ష్యం మాత్రం అందులో రాయకూడదు అంటుంది. చూడండి, అన్నీ ఉండాలి అన్నారు, క్లుప్తంగానూ ఉండాలి అన్నారు, కానీ ఏది బయట ఉండాలో కూడా చెప్పారు. సంగతి లోపల, సాక్ష్యం వేరే. ఆ మూడో మాట వల్లే మొదటి రెండు మాటలు కుదిరాయి.

సమాచార హక్కు కూడా అంతే. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకి వర్తించే 2012 నిబంధనల్లో దరఖాస్తు మామూలుగా 500 పదాలు దాటకూడదని ఉంది. కానీ ఆ 500లో జత చేసిన కాగితాలు లెక్కలోకి రావు. పైగా 500 దాటిందనే కారణంతో దరఖాస్తుని తిప్పి పంపకూడదని అక్కడే రాశారు. పొడవుకి హద్దు పెట్టారు, ఆ హద్దు వల్ల ఎవరి హక్కూ పోకుండా చూశారు. ఇంకెక్కడో ఇంగ్లండులో, యుద్ధం మధ్యలో, 1940 ఆగస్టు 9న చర్చిల్ తన సహచరులకీ వాళ్ళ సిబ్బందికీ రిపోర్టులు చిన్నగా రాయమని ఒక నోట్ పంపాడు. అందులో కూడా ఇదే మాట. ముఖ్యమైనవి పొట్టి పేరాల్లో పెట్టండి, అంకెలూ లోతైన వివరాలూ ఉంటే చివర అనుబంధంలో పెట్టండి అని.

ఇక మన తండా అర్జీకి వద్దాం. పై పేజీలో తొమ్మిది సమస్యలూ ఒక్కో లైనులో, నంబర్లతో. వెనక ఒక్కో సమస్యకి ఒక జత కాగితం, అదే నంబరుతో. పై పేజీలో లైను ఇలా ఉంటుంది: "1. మార్చి నుంచి బోరు మోటారు పనిచేయడం లేదు, 70 ఇళ్ళకి నీళ్ళు లేవు, మోటారు బాగుచేయించాలి. వివరాలు జత 1లో." బోరు ఎక్కడుంది, ఎప్పుడు ఎవరికి చెప్పాం, పాత అర్జీ రసీదు, ఫోటో, ఇవన్నీ జత 1లో. తొమ్మిది లైన్లు అంటే ఒక్కోటి కొంచెం పొంగినా పదిహేనులో సరిపోతాయి. పెద్దాయనకి అన్నీ వచ్చాయి. అన్నకి పేజీ దాటలేదు.

ఇంకో దారి కూడా ఉంది. అక్కడ అర్జీని ఆన్‌లైన్‌లో ఎక్కించి ఆ సమస్య ఏ శాఖదో ఆ శాఖకి పంపుతారు. నీళ్ళూ, పింఛనూ, పట్టా మూడు వేరు వేరు శాఖలు. అన్నీ ఒకే అర్జీలో ఉంటే ఒక శాఖకి వెళ్ళి మిగతావి అందులోనే ఉండిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి శాఖకి ఒక అర్జీ చొప్పున విడగొడితే, ప్రతిదీ ఒక్క పేజీలోనే ఉంటుంది, దానికి పూర్తి వివరమూ ఉంటుంది. నాకు అడిగితే రెండోదే మంచిది. కానీ ఎక్కువ కాగితాలు, ఎక్కువ సంతకాలు కావాలి. అది తండా వాళ్ళు ఒప్పుకోవాలి. రాసేవాడు ఒక్కడే తేల్చుకునే విషయం కాదు.

అందుకే అడగాలి. ఎలా అడగాలన్నదే అసలు విషయం. "మీరు చెప్పింది కుదరదు" అంటే పెద్దాయన మనసు నొచ్చుకుంటుంది, అన్నకి కోపం వస్తుంది. నేననుకునే పద్ధతి ఇది. ముందు వాళ్ళు చెప్పిన రెండు మాటల్నీ వాళ్ళ మాటల్లోనే తిరిగి చెప్పాలి, రెండిట్లోనూ న్యాయం ఉందని ఒప్పుకోవాలి. తర్వాత మన అభిప్రాయం కాకుండా లెక్క చూపించాలి. తర్వాత రెండు దారులు చేతిలో పెట్టి, మనం దేనివైపు ఉన్నామో చెప్పి, వాళ్ళని తేల్చమనాలి. ఇలా:

"తాతా, ఒక్కటి కూడా వదలొద్దన్నావు, అది కరెక్టే. అన్నా, పేజీ దాటితే చదవరన్నావు, అదీ నిజమే. నేను లెక్కేశాను, పేజీలో పదిహేను లైన్లే మిగిలాయి, తొమ్మిది సమస్యలు వివరంగా రాస్తే ముప్పై ఆరు అవుతున్నాయి. ఒక పేజీ రాసి వెనక వివరాలు జత చేద్దామా, లేదా శాఖకి ఒక అర్జీ చొప్పున రాద్దామా? నాకైతే విడివిడిగా రాయడం మంచిదనిపిస్తోంది. మీరు ఎలాగంటే అలా."

ఇందులో ఎవరి తప్పూ ఎత్తి చూపలేదు. తప్పు కాగితం మీదకి పోయింది, కాగితానికి కోపం రాదు. ప్రశ్న కూడా ఒకటే. పెద్దవాళ్ళని వరసగా ఐదు ప్రశ్నలు అడిగితే "చెప్పిన పని చెయ్యకుండా ఈ విచారణ ఏంటి" అంటారు. ఆఫీసులో అయినా, కాలేజీలో అయినా ఇదే మాట "సార్" అని మొదలుపెట్టి అడగొచ్చు. "సార్, రిపోర్టు రెండు పేజీల్లో ఉండాలన్నారు, ప్రతి విద్యార్థి వివరం రావాలన్నారు. పై రెండు పేజీల్లో సారాంశం పెట్టి, పేర్ల పట్టిక వెనక జత చేస్తే సరిపోతుందా సార్?" అంటే చాలు. చాలామంది "ఆ, అలాగే చెయ్" అనేస్తారు. ఎందుకంటే వాళ్ళ మనసులో ఉన్నదీ అదే, నోటికి రాలేదంతే.

అయితే ఏ జత కాగితంతోనూ తేలని చిక్కులు కూడా ఉంటాయి. మొదట చెప్పిన సర్వే సంగతి చూడండి. నలభై ఇళ్ళు, ప్రతి ఇంట్లో అందరితో మాట్లాడాలి, రేపు పొద్దున్నకల్లా కావాలి. ఇంటికి ఇరవై నిమిషాలు వేసుకుంటే 800 నిమిషాలు, అంటే పదమూడు గంటల పైనే. మిరప కోతలకి, పత్తి తీతకి వెళ్ళినవాళ్ళు ఇంటికి చేరేది సాయంత్రం. ఆరు నుంచి తొమ్మిది దాకా ఇద్దరు తిరిగినా ఆరు గంటలే, పద్దెనిమిది ఇళ్ళే అవుతాయి. ఇక్కడ రెండూ కావాలంటే అవ్వా కావాలి, బువ్వా కావాలి అన్నట్టే. ఏదో ఒకటి వదులుకోవాలి. ఇళ్ళు తగ్గించాలి, లేదా ఒక్కో ఇంట్లో ఒక్కరితోనే మాట్లాడాలి, లేదా గడువు పెంచాలి, లేదా ఇంకో ముగ్గుర్ని పంపాలి.

ఇలాంటప్పుడు మెత్తగా చెప్పాలని అసలు విషయాన్ని నమిలేయకూడదు. "ట్రై చేస్తా అన్నా" అనడం మంచితనం కాదు. అవతలివాడు రేపు పొద్దున నలభై ఇళ్ళ లెక్క వస్తుందని నమ్ముకుని కూర్చుంటాడు. "అన్నా, రేపటికి పద్దెనిమిది ఇళ్ళు పూర్తిగా ఇవ్వగలం. నలభై కావాలంటే ఇంటికి ఒక్కరితో మాట్లాడి ఇస్తాం. ఏది ముఖ్యం?" అనడమే మంచితనం. లేకపోతే ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. రాత్రి పదకొండింటికి మిగతా ఇరవై రెండు ఇళ్ళ ఫారాలు ఎవరో ఒకచోట కూర్చుని నింపేస్తారు. ఆ దొంగ లెక్క మీద రేపు ఎవరికో పథకం రాదు.

"పెద్దవాళ్ళని ఇలా అడిగితే పొగరు అనుకోరా?" అని కొందరు అంటారు. అనుకునేవాళ్ళు ఉంటారు, కాదనను. కొందరు రెండు దారులు చూపించినా "అదంతా నాకు తెలీదు, చెప్పింది చెయ్" అంటారు. అప్పుడు మనం చేయగలిగింది ఒకటే. ఏ దారి ఎంచుకున్నామో కాగితం మీదే ఒక లైను రాసిపెట్టడం. "ముఖ్యమైనవి ఈ పేజీలో, పూర్తి వివరాలు జతలో" అని. తర్వాత "ఇదేంటి" అంటే ఆ లైను చూపించొచ్చు. కానీ నేను చూసినంతవరకు కోపం ఎక్కువగా వచ్చేది పని అయ్యాక చెప్తే. మొదలుపెట్టక ముందు అడిగితే అది సందేహం అవుతుంది, అయ్యాక చెప్తే సాకు అవుతుంది. మాట అదే, టైమే వేరు.

చివరగా మన గురించి మనం. ఇలాంటి పనులు పైవాళ్ళే చెప్తారని కాదు. సెమిస్టర్ పరీక్షల ముందు మన గ్రూపులో చూడండి, "ఎవరైనా షార్ట్ నోట్స్ పెట్టండి, ఐదు యూనిట్లూ కంప్లీట్‌గా ఉండాలి" అని మనమే అడుగుతాం. రాసి పెట్టేది మనలాంటి ఇంకో హాస్టల్ పిల్లే, రాత్రి పడుకోకుండా. అడిగే ముందు ఒక్క నిమిషం ఆగి ఏది కావాలో తేల్చుకుంటే ఆ అమ్మాయికి సగం పని తగ్గుతుంది. పాస్ అవ్వడానికి అయితే యూనిట్‌కి మూడు ప్రశ్నలు చాలు అని అడగండి. ర్యాంకు కోసం అయితే పొడవు గురించి మాట్లాడకండి. రెండూ కావాలనిపిస్తే, ఏది ముందు కావాలో, ఏది తర్వాత ఇచ్చినా పర్వాలేదో ఆ మెసేజ్‌లోనే రాయండి.